చెరిపిన చోట ఏముంది?

పెన్సిలుతో గీసిన గీతను రబ్బరుతో చెరిపితే తెల్ల కాగితం మిగులుతుంది. నల్లబల్ల మీద రాసిన దాన్ని డస్టరుతో తుడిస్తే నల్లబల్ల మిగులుతుంది. మరి సెల్‌ఫోనులోని ఫోటోలో ఒక కరెంటు తీగనో, దారిన పోయే మనిషినో చెరిపితే అక్కడ ఏం మిగలాలి? ఖాళీ జాగా మిగలదు. ఆకాశమో, గోడో, చెట్టో వచ్చి కూర్చుంటుంది. అది ఎక్కడి నుంచి వచ్చింది? ఇంతసేపూ ఆ మనిషి వెనుక దాక్కుని ఉందా?

ఈ ప్రశ్న మా పాఠశాలలో ఒక చిక్కుడు మొక్క వల్ల వచ్చింది. తొమ్మిదో తరగతి విద్యార్థి ఒకడు కుండీలో చిక్కుడు గింజ నాటి, మొక్క ఎత్తును రోజూ రాసుకుంటున్నాడు. మొక్క పక్కన 30 సెంటీమీటర్ల స్కేలు నిలబెట్టి, సున్నా గీతను మట్టికి ఆనించి, రోజూ ఒక ఫోటో తీసేవాడు. ఎనిమిదో రోజు ఎత్తు 10.6 సెంటీమీటర్లు. తొమ్మిదో రోజు 12.4. పదో రోజు 11.9!

మొక్క పెరుగుతుంది గాని కుంచించుకుపోతుందా? తొమ్మిదో రోజు ఫోటో తెమ్మన్నాను. చూడడానికి చక్కగా ఉంది. కాని స్కేలు మీద 10 నుంచి 14 వరకు మిల్లీమీటరు గళ్లు లెక్కపెట్టాను. 40 ఉండాలి, 33 మాత్రమే ఉన్నాయి. మధ్యలో ఒకచోట ఒకటీ కాని, ఏడూ కాని ఒక వింత అంకె ఉంది. అప్పుడు కుర్రవాడు అసలు సంగతి చెప్పాడు. ఆ రోజు స్కేలు పట్టుకున్నది వాళ్ల చెల్లెలు. ఆ పిల్ల వేళ్లు స్కేలుకీ, ఒక ఆకుకీ అడ్డం వచ్చాయి. ఫోటో బాగుండాలని ఫోనులోనే వేళ్లను చెరిపేశాడు. మోసం చేయాలన్న తలంపు అతనికి లేదు. వేళ్లు పోతే వెనుక ఉన్న స్కేలు బయటపడిందనుకున్నాడు. పొరపాటంతా ఆ 'బయటపడింది' అన్న మాటలోనే ఉంది.

చెరపడం ఎలా?

ముందు ఈ సాధనాన్ని వాడే పద్ధతి చూద్దాం. గూగుల్ ఫోటోస్‌లో దీని పేరు `Magic Eraser`. ఇది 2021లో పిక్సెల్ 6 ఫోనుతో వచ్చింది. శామ్‌సంగ్ గ్యాలరీలో `Object eraser` అనీ, ఐఫోనులో `Clean Up` అనీ ఉంటుంది. ఫోటో తెరిచి `Edit` గాని, పెన్సిలు బొమ్మ గాని నొక్కితే ఈ సాధనం ఉన్న వరుస కనిపిస్తుంది. ఫోనును బట్టి బటన్ల చోటు కొంత మారవచ్చు.

తరువాత రెండు వేళ్లతో ఫోటోను పెద్దది చేసి, చెరపవలసిన వస్తువు చుట్టూ వేలితో గీత గీయండి. గీత వస్తువు అంచును ఆనుకుని కొంచెం బయటగా పోవాలి. లోపలికి పోతే వస్తువు అంచు ముక్కలు మిగిలిపోతాయి. మరీ బయటికి పోతే మంచి భాగం కూడా చెరిగిపోతుంది. వస్తువుతో పాటు దాని నీడను కూడా చుట్టడం మరువకండి. మనిషి పోయి నీడ మాత్రం నేల మీద మిగిలిన ఫోటోలు చాలా కనిపిస్తాయి.

చివరగా భద్రపరచేటప్పుడు `Save copy` లేదా `Save as copy` అన్నది ఉంటే దానినే నొక్కండి. అప్పుడు మార్చిన ఫోటో వేరుగా, అసలు ఫోటో వేరుగా ఉంటాయి. ఈ చిన్న పని ఎంత ముఖ్యమో చివరన తెలుస్తుంది.

ఫోటో ఒకే పొర

ఫోటోను ఎంతో పెద్దది చేసి చూస్తే గళ్ల కాగితంలా చిన్న చిన్న చదరాలు కనిపిస్తాయి. వీటినే పిక్సెళ్లు అంటారు. అడ్డంగా 4000, నిలువుగా 3000 చదరాలున్న ఫోటోలో మొత్తం 1,20,00,000 పిక్సెళ్లు ఉంటాయి. ప్రతి పిక్సెలుకూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులు ఎంతెంత ఉండాలో చెప్పే మూడు అంకెలు ఉంటాయి. మామూలుగా ఒక్కొక్కటి 0 నుంచి 255 వరకు ఉంటుంది. ఫోటో అంటే ఈ అంకెల పట్టికే.

కెమెరాలోకి వచ్చే కాంతిని బట్టి ఈ అంకెలు ఏర్పడతాయి. వేళ్ల మీద పడి వచ్చిన కాంతి కెమెరాలో పడింది. వేళ్ల వెనుక ఉన్న స్కేలు నుంచి బయల్దేరిన కాంతిని వేళ్లే ఆపేశాయి. అది కెమెరాను చేరనే లేదు. కాబట్టి ఆ స్కేలు ముక్కకు సంబంధించిన అంకె ఒక్కటి కూడా ఆ పట్టికలో లేదు. గోడ మీద సున్నం గీకితే కింద పాత రంగు కనబడినట్లు, ఫోటోలో ఒక దాని కింద మరొకటి ఉండదు. ఉన్నది ఒకే పొర.

మరి పూడ్చేది దేనితో?

ఆకాశానికి అడ్డంగా ఒక కరెంటు తీగ ఉందనుకుందాం. ఒక వరుసలోని పిక్సెళ్లలో నీలం రంగు అంకెలు ఇలా ఉన్నాయి: 180, 182, 184, 60, 58, 190, 192. మధ్యనున్న 60, 58 తీగవి. వాటిని చెరిపి, రెండు వైపులా ఉన్న అంకెలు చూసి ఖాళీలు పూరించమంటే మీరేం రాస్తారు? 186, 188 అని రాస్తారు. ఫోను చేసే పనికి కూడా ఇదే మూలం. ఆకాశం రంగు మెల్లగా, క్రమంగా మారుతుంది కాబట్టి ఈ ఊహ నిజానికి చాలా దగ్గరగా ఉంటుంది.

2000 సంవత్సరంలో మార్సెలో బెర్టల్మియో, గిల్లెర్మో సపీరో మొదలైన శాస్త్రజ్ఞులు ఈ పనికి ఒక గణిత పద్ధతిని ప్రకటించారు. పాత వర్ణచిత్రాలలో రంగు రాలిన చోట నిపుణులు పక్కనున్న గీతలను లోపలికి పొడిగించి పూరిస్తారు. ఆ పనినే వీరు కంప్యూటరు చేత చేయించారు. సన్నని గీతలు, మడతలు, ఫోటో మీది అక్షరాలు దానితో బాగా పోయేవి. పెద్ద ఖాళీలైతే మసకగా మిగిలేవి. ఆ తరువాత ఫోటోలోనే మరోచోటి నుంచి గడ్డి ముక్కనో, ఇసుక ముక్కనో తెచ్చి అతికే పద్ధతులు వచ్చాయి. గుడ్డకు అదే రంగు మాసిక వేసినట్లన్నమాట.

నేటి ఫోన్లలో మరొక మెట్టు ఉంది. లెక్కలేనన్ని ఫోటోలలో కొంత భాగం కప్పి, దాన్ని పూరించమని కంప్యూటరుకు ఇస్తారు. అది పూరించిన దాన్ని అసలు దానితో పోల్చి తప్పులు దిద్దుతారు. ఇలా అభ్యాసం చేసిన ప్రోగ్రాముకు గోడ ఎలా ఉంటుంది, ఆకు ఎలా ఉంటుంది, స్కేలు ఎలా ఉంటుంది అన్నది అలవడుతుంది. కాని అది నేర్చినది 'స్కేళ్లు ఎలా ఉంటాయి' అన్న సంగతి. మా విద్యార్థి స్కేలు మీద ఆ చోట ఏ గీత ఉందో దానికి తెలియదు. అందుకే గీతల్లాంటి గీతలు గీసింది. లెక్క మాత్రం తప్పింది.

మీరే పరీక్షించండి

రెండు పుస్తకాల దొంతరలు పక్కపక్కన పెట్టి, వాటి మీద ఫోనును వంతెనలా పెట్టండి. కెమెరా కిందికి చూడాలి. కింద ఒక తెల్ల కాగితం పెట్టి ముందు ఒక ఫోటో తీయండి. ఇది జవాబు ఫోటో. ఏదీ కదపకుండా కాగితం మీద ఒక రబ్బరు ముక్క పెట్టి రెండో ఫోటో తీయండి. తెల్ల కాగితం స్థానంలో రూళ్ల పుస్తకాన్ని, ఆ తరువాత ఒక స్కేలును పెట్టి ఇలాగే చేయండి. స్కేలు మీద రబ్బరు రెండు మూడు అంకెలను కప్పాలి.

ఇప్పుడు ప్రతి రెండో ఫోటోలోనూ రబ్బరును చెరిపి, జవాబు ఫోటోతో పోల్చండి. తెల్ల కాగితం మీద తేడా దాదాపు కనబడదు. రూళ్లు చాలావరకు కలుస్తాయి. కాని కొన్నిచోట్ల గీత వంగవచ్చు, లావెక్కవచ్చు. స్కేలు దగ్గరికి వచ్చేసరికి మిల్లీమీటరు గళ్లు లెక్కపెట్టండి, అంకెలు చదవండి. తప్పు అక్కడ దొరుకుతుంది. చుట్టే గీతను కొంచెం మార్చి మళ్లీ చెరిపితే, మరొక రకంగా పూడవచ్చు కూడా. దాగిన వస్తువు ఒకటే అయినప్పుడు జవాబులు రెండు వచ్చాయంటే, రెండూ ఊహలే కదా!

దీన్నిబట్టి ఒక సూత్రం చెప్పుకోవచ్చు. చుట్టుపక్కల చూసి మీరు ధైర్యంగా చెప్పగలిగిన దాన్నే ఫోను కూడా సరిగా పూరించగలదు. ఆకాశం, సున్నం గోడ, ఇసుక అటువంటివి. పక్కన ఉన్నదాన్ని బట్టి చెప్పలేని వాటిని, అంటే అక్షరాలు, అంకెలు, మనుషుల ముఖాలు, ఆకు మీది మచ్చలు వంటి వాటిని, అది కల్పిస్తుంది. తాతగారి పాత ఫోటోలో ముఖం మీద పడిన మడతను చెరిపితే మడత పోతుంది. అక్కడ వచ్చే కన్ను మాత్రం తాతగారిది కాకపోవచ్చు.

తొమ్మిదో రోజు ఎత్తు

మరి మా చిక్కుడు మొక్క సంగతి? అదృష్టవశాత్తు అసలు ఫోటో ఫోనులో అలాగే ఉంది. దాన్ని అచ్చు వేయించి చూశాం. వేళ్లు స్కేలును 11 దగ్గర కప్పాయి గాని, మొక్క కొన మాత్రం స్పష్టంగా కనిపిస్తోంది. స్కేలు మీద 0 నుంచి 10 వరకు కూడా స్పష్టంగా ఉంది. అచ్చులో ఆ 10 సెంటీమీటర్ల పొడవు 80 మిల్లీమీటర్లు వచ్చింది. మట్టి నుంచి మొక్క కొన 90 మిల్లీమీటర్ల ఎత్తున ఉంది. 80కి 10 అయితే 90కి ఎంత? 11.25 సెంటీమీటర్లు. స్కేలు, మొక్క కెమెరాకు ఒకే దూరంలో ఉన్నాయి కాబట్టి ఈ లెక్క చెల్లుతుంది. ఎనిమిదో రోజు 10.6కీ, పదో రోజు 11.9కీ సరిగ్గా మధ్యన ఉంది.

కుర్రవాడు 12.4ను ఒక గీతతో కొట్టేసి, పక్కన 11.25 అని రాసి, 'లెక్క కట్టినది' అని చేర్చాడు. మరొక గడిలో ఆకుల మీది పురుగు మచ్చల సంఖ్య రాయాలి. వేళ్లు కప్పిన ఆకు మార్చిన ఫోటోలో నున్నగా, పచ్చగా, ఒక్క మచ్చ లేకుండా ఉంది. అసలు ఆకు మీద ఏముందో ఏ లెక్కా చెప్పలేదు. మూడు రోజుల తరువాత ఆ ఆకు రాలిపోయింది కూడా. అతను కాసేపు ఆలోచించి, ఆ గడిలో 'కనబడలేదు' అని రాశాడు.