ప్లాన్‌ ఎవరు రాశారు? బ్రిటన్‌ ఫౌండర్‌ వీసాలో అసలు ప్రశ్న ఇదే!

బ్రిటన్‌లో ఎమ్మెస్సీ అయిపోయింది. స్పాన్సర్‌షిప్‌ ఇచ్చే ఉద్యోగం దొరకడం లేదు. బుర్రలో ఒక ఐడియా ఉంది, ‘సొంత కంపెనీ పెట్టేస్తే వీసా కూడా వస్తుందట కదా’ అన్న ఆశా ఉంది. ఇక్కడ సికింద్రాబాద్‌లో ఉన్న అమ్మానాన్నలు ఏ కన్సల్టెన్సీకో వెళ్లి అడిగితే, ‘బిజినెస్‌ ప్లాన్‌ మేమే రాసిస్తాం, మీరు డబ్బు కడితే చాలు’ అనే మాట వినిపించవచ్చు. వినడానికి హాయిగా ఉంటుంది కానీ, ఈ వీసా చేజారేది ఎక్కువగా అక్కడే. ఎందుకో తెలియాలంటే ఇది ఎలా పనిచేస్తుందో మొదటి నుంచీ చూడాలి.

ముందుగా బ్రిటన్‌ గురించే ఎందుకంటే... మనవాళ్లు ఎక్కువగా వెళ్లే అమెరికాలో స్టార్టప్‌ వీసా అంటూ ప్రత్యేకంగా ఏదీ లేదు. అక్కడి ఈ-2 ఇన్వెస్టర్‌ వీసాకు మన దేశంతో ఒప్పందం లేదు కాబట్టి భారత పౌరులకు అది అందదు. కెనడా స్టార్టప్‌ వీసాకు కొత్త దరఖాస్తులు తీసుకోవడం 2025 చివరితో ఆపేసింది. అక్కడే చదువుకున్న గ్రాడ్యుయేట్‌కు దారి తెరిచి ఉంచిన పెద్ద దేశాల్లో బ్రిటన్‌ ఒకటి. అక్కడి వీసా పేరు ‘ఇన్నోవేటర్‌ ఫౌండర్‌’.

పాత సమాచారంతో జాగ్రత్త

ఈ వీసా 2023 ఏప్రిల్‌ 13న మొదలైంది. అంతకుముందు స్టార్టప్‌ వీసా, ఇన్నోవేటర్‌ వీసా అని రెండు వేర్వేరుగా ఉండేవి. పాత ఇన్నోవేటర్‌ వీసాకు 50 వేల పౌండ్ల పెట్టుబడి చూపించాలి. ఇప్పుడు ఆ కచ్చితమైన అంకె లేదు. కానీ ప్లాన్‌ నడవడానికి ఎంత కావాలో అంత డబ్బు ఉందని, అది సక్రమంగా వచ్చిందని చూపించాల్సిందే. అప్పట్లో యూనివర్సిటీలు కూడా విద్యార్థులను ఎండార్స్‌ చేసేవి, అంటే సిఫార్సు చేసేవి. ఇప్పుడు కొత్త దరఖాస్తులకు అది చెల్లదు. ‘50 వేలు ఉంటే చాలు’, ‘మీ యూనివర్సిటీ లెటర్‌ ఇస్తుంది’ అని ఎవరైనా చెబితే వాళ్ల సమాచారం పాతదని అర్థం.

ఇప్పుడు మొదట దాటాల్సిన గడప వీసా ఆఫీసు కాదు, ఎండార్సింగ్‌ బాడీ. బ్రిటన్‌ ప్రభుత్వం ఆమోదించిన ఈ సంస్థల జాబితా gov.uk లో ఉంటుంది. ఎన్వెస్టర్స్‌, ఇన్నోవేటర్‌ ఇంటర్నేషనల్‌, యూకే ఎండార్సింగ్‌ సర్వీసెస్‌ అలాంటివే. మీ ప్లాన్‌ను పరిశీలించి, మీతో మాట్లాడి, నచ్చితే ఎండార్స్‌మెంట్‌ లెటర్‌ ఇస్తాయి. అది లేకుండా వీసాకు దరఖాస్తు చేసినా ఉపయోగం లేదు.

ఆ సంస్థలు చూసేవి మూడు. ఒకటి, ఐడియా కొత్తదా? మార్కెట్లో ఉన్నవాటికి భిన్నంగా ఉండాలి. రెండు, మీ చదువు, అనుభవం, డబ్బుతో అది నడుస్తుందా? మూడు, పెరుగుతుందా? ఉద్యోగాలు సృష్టించి, బ్రిటన్‌ అంతటికీ, ఆపై బయటి దేశాలకూ వెళ్లగలగాలి. ఇవి కాక, ప్లాన్‌లోని ఆలోచన మీదై ఉండాలి, లేదా అందులో మీ పాత్ర గణనీయంగా ఉండాలి. రోజువారీ పని మీరే చూసుకోవాలి. అప్పటికే నడుస్తున్న బాబాయి కంపెనీలో వాటా కొని చేరిపోతానంటే కుదరదు.

ఒక ఉదాహరణ చూద్దాం

మారేడ్‌పల్లి నుంచి వెళ్లి లీడ్స్‌లో డేటా సైన్స్‌ ఎమ్మెస్సీ చేసిన ఒక అమ్మాయిని ఊహించుకుందాం. ప్రస్తుతం గ్రాడ్యుయేట్‌ వీసా మీద ఉంది. అద్దె ఇళ్లలో తేమ, బూజు ఎక్కడ పట్టబోతుందో ముందే చెప్పే సాఫ్ట్‌వేర్‌ చేద్దామనుకుంది. అవసరం నిజమైనదే. ఇంగ్లండ్‌లో 2025 అక్టోబరు 27 నుంచి ‘అవాబ్‌ చట్టం’ అమల్లోకి వచ్చింది. సోషల్‌ హౌసింగ్‌ సంస్థలు ప్రమాదకరమైన తేమ, బూజు ఫిర్యాదు అందితే 10 పని దినాల్లో పరిశీలించాలి. అత్యవసరమైతే 24 గంటల్లో స్పందించాలి.

కన్సల్టెన్సీ రాసిచ్చే ప్లాన్‌ అయితే ఇక్కడ ‘ఏఐ ఆధారిత ప్రాపర్టీ ప్లాట్‌ఫామ్‌’ అని ఒక ముక్క ఉంటుంది. మూడేళ్ల లాభాల పట్టిక ఒకటి చేరుస్తారు. ఆ పట్టికలో అంకెలు చక్కగా పెరుగుతూ పోతాయి. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న, ‘తేమ కొలిచే సెన్సర్లు ఇప్పటికే అమ్ముతున్నారు కదా, మీది వేరేలా ఎలా?’ రెండోది, ‘ఎన్ని హౌసింగ్‌ సంస్థలతో మాట్లాడారు? వాళ్లేమన్నారు?’ మూడోది, ‘రెండో ఏడాది 40 మంది కస్టమర్లు అని రాశారు. ఆ 40 ఎక్కడి నుంచి వచ్చింది?’ రాసింది వేరేవాళ్లైతే మూడో ప్రశ్న దగ్గరే దొరికిపోతారు.

ఆ అమ్మాయి సొంతంగా చేస్తే జవాబు ఇలా ఉంటుంది. ప్రతి ఇంట్లో సెన్సర్‌ పెట్టడం చిన్న హౌసింగ్‌ సంస్థలకు భారం. అందుకే వాళ్ల దగ్గర ఇప్పటికే ఉన్న రిపేర్‌ రికార్డులు, ఇంటి నిర్మాణ వివరాలు, వాతావరణ సమాచారం కలిపి, ముందు ఏ ఇళ్లు చూడాలో జాబితా ఇస్తుంది. ఒక సంస్థ పాత రికార్డులు ఇచ్చి ట్రయల్‌కు ఒప్పుకుంటూ రాసిన లెటర్‌ ఉంది. నమూనా పనిచేస్తోంది. మొదటి 12 నెలల ఖర్చు ఎంతో, అది ఎక్కడి నుంచి వస్తుందో బ్యాంకు కాగితాలతో సహా ఉంది. పట్టికలోని ప్రతి అంకె వెనకా ఒక ఫోన్‌ కాలో, ఒక మీటింగో ఉంది. ఇక్కడ గొప్ప ఇంగ్లిష్‌ అక్కర్లేదు, నిజంగా తిరిగి తెలుసుకున్న సంగతులు ఉంటే సరిపోతుంది.

ఖర్చెంత?

ఎండార్స్‌మెంట్‌ పరిశీలనకు 1,000 పౌండ్లు. వీసా వచ్చాక కనీసం రెండు సమీక్షా సమావేశాలుంటాయి, ఒక్కోదానికి 500. బ్రిటన్‌లోనే ఉండి ఈ వీసాకు మారితే దరఖాస్తు ఫీజు 2025 ఏప్రిల్‌ నుంచి అమలైన రేటు ప్రకారం 1,590 పౌండ్లు ఉండేది. హెల్త్‌ సర్‌చార్జి ఏడాదికి 1,035 చొప్పున మూడేళ్లకు 3,105. ఆ రేటుతో మొత్తం 6,695. పౌండుకు 115 రూపాయలుగా లెక్కేస్తే దాదాపు 7 లక్షల 70 వేలు. ఇందులో కంపెనీ మీద పెట్టే పైసా కూడా లేదు. ఇక్కడి నుంచి నేరుగా వెళ్లేవాళ్లకు దరఖాస్తు ఫీజు 2025 ఏప్రిల్‌ రేటు ప్రకారం 1,274 పౌండ్లే ఉండేది. కానీ సొంత ఖర్చులకు 1,270 పౌండ్లు వరుసగా 28 రోజులు ఖాతాలో కదలకుండా ఉండాలి. బ్రిటన్‌లో ఏడాదికి పైగా చట్టబద్ధంగా ఉన్నవాళ్లకు ఈ షరతు లేదు. ఫీజులు మారుతుంటాయి కాబట్టి కట్టే ముందు gov.uk లో మరోసారి చూసుకోండి.

తేదీల దగ్గర తడబాటు

స్టూడెంట్‌ వీసా మీద ఉండగా సొంత వ్యాపారం చేయకూడదు. ఫ్రీలాన్స్‌గా ఒక వెబ్‌సైట్‌ చేసిచ్చి ఇన్వాయిస్‌ పంపినా ఉల్లంఘనే. అయితే 2025 నవంబరు 25 నుంచి ఒక వెసులుబాటు ఉంది. కోర్సు పూర్తయి, ఎండార్స్‌మెంట్‌తో ఫౌండర్‌ వీసాకు దరఖాస్తు చేసినవాళ్లు నిర్ణయం వచ్చేలోగా పని మొదలుపెట్టవచ్చు. గ్రాడ్యుయేట్‌ వీసాలో సొంత వ్యాపారానికి అనుమతి ఉంది కాబట్టి నమూనా తయారీకి, ట్రయల్స్‌కు సరైన సమయం అదే. కానీ ఆ వీసా గడువు తగ్గుతోంది. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవాళ్లకు, పీహెచ్‌డీ వాళ్లను మినహాయిస్తే, రెండేళ్ల బదులు 18 నెలలే.

ఎండార్స్‌మెంట్‌ లెటర్‌ మూడు నెలలకే పాతబడుతుంది. ఆలోపు వీసాకు దరఖాస్తు చేయాలి. ముందే తెచ్చి దాచుకుంటే పనికిరాదు, ఆఖరి నెలలో పరిగెత్తినా కష్టమే. ఉన్న వీసా ముగియడానికి ఆరు నెలల ముందు ఎండార్సింగ్‌ బాడీని కలిస్తే, తిరస్కరించినా సరిదిద్దుకోవడానికి టైమ్‌ ఉంటుంది.

వీసా వచ్చాక అసలు పరీక్ష

వీసా మూడేళ్లకు ఇస్తారు. ఈ లోపు, సాధారణంగా 12, 24 నెలలప్పుడు, ఎండార్సింగ్‌ బాడీ మీ పురోగతి చూస్తుంది. ప్లాన్‌ కొంత మారినా వాళ్లకు చెప్పి, కారణం చూపించవచ్చు. అసలు పనే జరగకపోయినా, మీరు అందుబాటులో లేకపోయినా ఎండార్స్‌మెంట్‌ వెనక్కి తీసుకోవచ్చు. అది పోతే వీసానూ మధ్యలోనే కుదించవచ్చు.

కంపెనీ నిలదొక్కుకునేదాకా ఖర్చులకు డెలివరీలో, వేర్‌హౌస్‌లో చేద్దామనుకునేవాళ్లు ఒకటి గమనించాలి. ఈ వీసాలో వేరే ఉద్యోగం చేయొచ్చు కానీ అది ఆర్‌క్యూఎఫ్‌ లెవెల్‌ 3, అంటే అక్కడి ఏ-లెవెల్‌ స్థాయి నైపుణ్యం కావాల్సిన ఉద్యోగమై ఉండాలి. స్టూడెంట్‌గా చేసిన పార్ట్‌టైమ్‌ పనులు చాలావరకు ఇందులోకి రావు.

మూడేళ్ల తర్వాత శాశ్వత నివాసానికి దరఖాస్తు చేయాలంటే ఏడు షరతుల్లో కనీసం రెండు నెరవేరాలి. కంపెనీలో 50 వేల పౌండ్లు పెట్టి ఖర్చు చేయడం, 10 పూర్తిస్థాయి ఉద్యోగాలు సృష్టించడం, ఏడాదికి 10 లక్షల పౌండ్ల ఆదాయం వంటివి అందులో ఉన్నాయి. గ్రాడ్యుయేట్‌ వీసాలో గడిపిన కాలం ఈ మూడేళ్లలోకి రాదు. స్నేహితుడితో కలిసి పెడితే ఇంకో చిక్కుంది. ఇద్దరూ ఒకే 10 ఉద్యోగాలను చూపించలేరు, 20 ఉండాలి. డెవలపర్ల టీమ్‌ను హైదరాబాద్‌లో పెట్టి ఇక్కడే ఎక్కువ కాలం ఉంటానంటే అదీ ఇబ్బందే. ఏ 12 నెలల కాలంలోనూ 180 రోజులకు మించి బ్రిటన్‌ బయట ఉండకూడదు.

కాబట్టి కన్సల్టెన్సీకి డబ్బు కట్టే ముందు ఒక చిన్న పని చేయండి. ప్లాన్‌ను పక్కన పెట్టి, కాగితం చూడకుండా మూడు ప్రశ్నలకు జవాబు రాయండి. నా పోటీదారులు ఎవరు? మొదట డబ్బిచ్చే కస్టమర్‌ ఎవరు? మొదటి ఏడాది ఖర్చు ఎవరు పెడతారు? ఒక్కదానికి పేర్లు, అంకెలు రాకపోయినా ఎండార్స్‌మెంట్‌ ఫీజు అప్పుడే కట్టకండి. ముందు ఆ సమాధానం సంపాదించండి.