ఆ మూడు వేల లీటర్లు ఎక్కడి నుంచి వచ్చాయి?

ఎంబీఏలో బిజినెస్ ప్లాన్ రాయమనగానే చాలామంది విద్యార్థులు ముందు కంపెనీ పేరు, లోగో, కవర్ పేజీ పనిలో పడతారు. దిద్దే లెక్చరర్ అవన్నీ తిప్పేసి అమ్మకాల అంచనా ఉన్న పేజీ దగ్గర ఆగుతారు. అక్కడ కనిపించే అంకె ఎలా వచ్చిందో, మిగతా పేజీలు దాన్ని ఒప్పుకుంటున్నాయో లేదో చూస్తారు. మార్కుల పంపకం కాలేజీని బట్టి మారుతుంది గానీ ఈ చూపు మాత్రం పెద్దగా మారదు.

ఉదాహరణకు, హైదరాబాద్‌లో గానుగ నూనె యూనిట్ పెడతానని ఒక విద్యార్థిని ప్లాన్ రాసిందనుకుందాం. రెండు కరెంటు గానుగలు, పల్లీ నూనె, లీటరు 350 రూపాయలు, పైన జీఎస్‌టీ. మూడో నెల నుంచి నెలకు 3000 లీటర్లు అమ్ముతానంది. నగరంలో 25 లక్షల కుటుంబాలు, ఇంటికి నెలకు మూడు లీటర్లు, మొత్తం 75 లక్షల లీటర్లు అని లెక్క కట్టి, తాను అడుగుతున్నది అందులో వెయ్యో వంతు కూడా కాదని రాసింది.

వినడానికి వినయంగానే ఉంది. మార్కులు పోయేది మాత్రం సరిగ్గా ఇక్కడే. మార్కెట్ ఎంత పెద్దదైనా, ఆ 3000 లీటర్లు ఎవరి వంటింట్లోకి వెళ్తాయో ఈ లెక్క చెప్పదు. అదే అమ్మాయి రెండు గేటెడ్ కమ్యూనిటీల్లో, అంటే 1200 ఫ్లాట్లలో, 60 ఇళ్లవాళ్లను అడిగిందనుకోండి. తొమ్మిది ఇళ్లవాళ్లు ఇప్పటికే గానుగ నూనె కొంటున్నామన్నారు. ఆ లెక్కన 1200 ఫ్లాట్లలో 180 ఇళ్లు. వాళ్లలో మూడో వంతు ఈమె వైపు మళ్లినా 60 ఇళ్లు, నెలకు 180 లీటర్లు. అంకె చూస్తే నీరసం వస్తుంది. అయినా 3000 కన్నా ఈ 180కే ఎక్కువ మార్కులు పడతాయి. ఎందుకంటే దీన్ని ఎక్కడ పట్టుకుని ప్రశ్నించాలో దిద్దేవాళ్లకు తెలుస్తుంది, సమాధానం చెప్పడానికి రాసినవాళ్ల దగ్గర ఆధారం ఉంటుంది.

ఇప్పుడు యంత్రాల పేజీకి వెళ్దాం. గానుగలో వాయికి 15 కిలోల పల్లీలు పడతాయని, వాయికి గంట పడుతుందని ఆమే రాసింది. శుభ్రం చేసే సమయం పోగా రోజుకు ఏడు వాయిలు, రెండు గానుగల మీద 210 కిలోలు. నూరు కిలోలకు 40 కిలోల నూనె దిగుతుందనుకుంటే రోజుకు 84 కిలోలు, నెలకు 25 పనిదినాలకు 2100 కిలోలు. నూనె నీటికన్నా తేలిక, లీటరు సుమారు 910 గ్రాములే తూగుతుంది కాబట్టి అది దాదాపు 2300 లీటర్లవుతుంది. అంటే అమ్మకాల పేజీలో ఉన్న 3000 లీటర్లు ఈ యంత్రాలతో తయారే కావు! గ్రూపుగా రాసే అసైన్‌మెంట్లలో ఇది మరీ ఎక్కువ. మార్కెటింగ్ ఒకరు, ఆపరేషన్స్ ఇంకొకరు, ఫైనాన్స్ మరొకరు పంచుకుంటారు. చివరి రాత్రి ముగ్గురి ఫైళ్లూ అతికిస్తారు. ఒకరి పేజీ ఇంకొకరు చదవరు.

లాభం లెక్కలో దొరికే తప్పు వేరు. లీటరు నూనెకు 2.275 కిలోల పల్లీలు కావాలి. కిలో 130 చొప్పున 296 రూపాయలు. మిగిలే పల్లీ చెక్క అమ్మితే 52 రూపాయలు తిరిగొస్తాయి. సీసా, లేబుల్, కరెంటు, డెలివరీ కలిపి 26. నికరంగా లీటరుకు 270 ఖర్చు, 80 మిగులు. అద్దె, ఇద్దరు పనివాళ్ల జీతాలు, ఇతరాలు కలిపి నెలకు 80,000 స్థిర ఖర్చు కాబట్టి 1000 లీటర్లు అమ్మితే లాభనష్టాలు సరిపోతాయని ఆమె తేల్చింది. వైవాలో సాధారణంగా వచ్చే ప్రశ్న ఇక్కడే వస్తుంది.

"మరి నీ జీతం ఎక్కడమ్మా?"

"ఓనర్‌ని నేనే కదా సార్."

"ఓనర్ ఇంటి అద్దె ఎవరు కడతారు?"

నెలకు 30,000 తనకు, 8 లక్షల అప్పు మీద 11 శాతం వడ్డీతో ఐదేళ్ల వాయిదా దాదాపు 17,400. వాయిదాలో అసలు భాగం ఖాతాల్లో ఖర్చు కాదు, నిజమే. కానీ డబ్బు మాత్రం బ్యాంకు నుంచి వెళ్లిపోతుంది. ఈ రెండూ కలిపితే నెలకు 1,27,400 రావాలి, అంటే దాదాపు 1600 లీటర్లు. ఆమె సర్వే లెక్క ప్రకారం అందుకు 10,700 ఫ్లాట్లు కావాలి. రెండు కమ్యూనిటీలతో మొదలైన ప్లాన్ ఎంత దూరం పోవాలో ఇప్పుడు తెలిసింది.

నగదు లెక్క లేకపోవడం కూడా మార్కులకు కోత పెడుతుంది. 1600 లీటర్లకు పల్లీలకే నెలకు 4.7 లక్షలు కావాలి. వ్యాపారి రొక్కం అడిగితే, వర్కింగ్ క్యాపిటల్ కింద చూపిన లక్ష రూపాయలు వారం కూడా రావు. దీన్ని పూడ్చడానికి కొందరు కేంద్రం ఇచ్చే పీఎంఎఫ్‌ఎంఈ సబ్సిడీని మొదటి నెల రాబడిగా వేస్తారు. అర్హమైన ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షలు ఇస్తారన్నది నిజమే. కానీ అది రుణానికి ముడిపడిన సబ్సిడీ. బ్యాంకులోనే ఉంటుంది, రుణం సక్రమంగా నడిస్తే మూడేళ్ల తర్వాత సర్దుబాటు చేస్తారు. దాంతో పల్లీలు కొనడం కుదరదు. పథకం పేరు తెలిసి నిబంధన తెలియని విద్యార్థి ఇక్కడ దొరికిపోతాడు.

హార్వర్డ్ ప్రొఫెసర్ విలియం సాల్‌మన్ 1997లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో బిజినెస్ ప్లాన్ల మీద రాసిన వ్యాసం ఇప్పటికీ క్లాసుల్లో చదివిస్తారు. ప్లాన్లలో అంకెలకు ఇచ్చే చోటు మరీ ఎక్కువని, మనుషులు, అవకాశం, పరిస్థితులు, రిస్కు–ప్రతిఫలం ముఖ్యమని ఆయన వాదన. మన దగ్గర రిస్కు పేజీకి పట్టే గతి తెలిసిందే: "పోటీ ఉంటుంది, నాణ్యతతో ఎదుర్కొంటాం." ఈ వాక్యం నూనెకూ పనికొస్తుంది, బూట్లకూ పనికొస్తుంది. అందుకే దానికి మార్కులు రావు.

అదే చోట ఒక్క లెక్క వేసి ఉంటే? పల్లీల ధర 10 శాతం పెరిగిందనుకోండి, కిలో 143. నూనె ధర పెంచలేకపోతే లీటరుకు మిగులు 80 నుంచి 50కి పడిపోతుంది. అప్పుడు గట్టెక్కడానికి 2500 లీటర్లకు పైగా అమ్మాలి. గానుగలు తీసేది 2300. అంటే ధర పదో వంతు పెరిగితే పగలంతా తిప్పినా ఈ యూనిట్ నష్టంలోనే ఉంటుంది. ఈ మాట రాసి, పంట చేతికొచ్చినప్పుడే సరుకు కొని నిల్వ చేస్తాననో, రెండో షిఫ్ట్ నడుపుతాననో, ఆ ఖర్చెంతో చూపించిన విద్యార్థి వ్యాపారం చిన్నదైనా మంచి మార్కులు తెచ్చుకుంటుంది. వ్యాపారం లాభసాటి కాదని తేల్చడం కూడా తప్పు కాదు, లెక్క నిలబడితే చాలు.

అప్పగించే ముందు విద్యార్థులు ఒక పని చేయాలి. అమ్మకాల పేజీ, యంత్రాల పేజీ, నగదు పేజీ పక్కపక్కన పెట్టుకుని, మూడింట్లోనూ నెలవారీ లీటర్లు ఒకటేనా కాదా చూసుకోండి. ఎగ్జిక్యూటివ్ సమ్మరీని ఆ తర్వాతే రాయండి. ముందే రాసేసిన సమ్మరీలో పాత అంకెలు అలాగే మిగిలిపోతాయి, దిద్దేవాళ్లు చదివే మొదటి పేజీ అదే.