రాత్రి పదిన్నర ఆకలి

భోజనాలయ్యాయి, వంటగది సర్దడం అయింది, పిల్లలు పడుకున్నారు. ఇంట్లో ఆ రోజుకి మొదటిసారి ఎవరూ ఎవర్నీ పిలవని సమయం అది. సరిగ్గా అప్పుడే చేయి మిక్చర్ డబ్బా మీదికి వెళ్తుంది. కడుపు నిండి గంటన్నర కూడా కాలేదు. అయినా ఒక గుప్పెడు, ఇంకో గుప్పెడు, అడుగున మిగిలిన వేరుశనగ గుళ్ల కోసం మరో గుప్పెడు. మర్నాడు పొద్దున్నే ఛాతీలో మంట, దానితోపాటు ‘నాకు బొత్తిగా నిగ్రహం లేదు’ అనే నింద.

ఈ నిందలో సగం అన్యాయం. రాత్రిపూట ఆకలి పెరగడంలో ఒంటి పాత్ర కూడా ఉంది. 2013లో అమెరికాలో ఫ్రాంక్ షీర్ అనే శాస్త్రవేత్త బృందం 12 మందిని పగలో రాత్రో తెలియని మసక వెలుతురు గదుల్లో రోజుల తరబడి ఉంచి, ఎప్పుడెప్పుడు ఎంత ఆకలిగా ఉందో అడుగుతూ పోయింది. ఎప్పుడు తిన్నారు, ఎప్పుడు పడుకున్నారు అన్నదాన్ని పక్కన పెట్టి చూస్తే, ఒంట్లోని గడియారం ప్రకారం ఆకలి ఉదయం ఎనిమిది ప్రాంతంలో అతి తక్కువగా, రాత్రి ఎనిమిది ప్రాంతంలో అతి ఎక్కువగా ఉందని తేలింది. తీపి, ఉప్పు పదార్థాల మీద మనసు పోవడం కూడా అదే వరసలో ఉంది. దీనికి నిద్రలేమి తోడైతే చెప్పక్కర్లేదు. షికాగో విశ్వవిద్యాలయంలో రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చిన యువకుల్లో ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోను పెరిగింది, తిన్నది చాలని చెప్పే లెప్టిన్ తగ్గింది. కాబట్టి రాత్రి పదిన్నరకి డబ్బా తెరిచే మనిషి పొద్దున ఎనిమిదింటి మనిషిలా ఆలోచించాలనుకోవడమే అత్యాశ.

మిగతా సగం అలవాట్లది, మనసుది, ఇంట్లో వస్తువులు పెట్టిన తీరుది. ఈ మూడింటిలో తన విషయంలో ఏది పనిచేస్తోందో తెలియకుండా ‘రేపట్నుంచి మానేస్తా’ అనుకునేవాళ్లే ఎక్కువ. అందుకే ఆ రేపు రాదు.

నాకు తెలిసిన ఒక బ్యాంకు ఉద్యోగిని సంగతి చెబుతాను. వయసు నలభై దాటింది. ఇంట్లో భర్త, ఇద్దరు పిల్లలు, అత్తగారు. బరువు తగ్గాలని రాత్రి అన్నం మానేసి రెండు పుల్కాలకి దిగింది. అయినా బరువు తగ్గలేదు, సరికదా పెరిగింది. చూడబోతే రోజూ పదకొండు లోపల నూరు గ్రాముల దాకా మిక్చరో కారప్పూసో లోపలికి వెళ్తోంది. నూరు గ్రాముల మిక్చర్ అంటే 500 కేలరీల పైమాటే. అంటే వదులుకున్న అన్నం కంటే ఎక్కువే మరో దారిన వచ్చి చేరుతోంది.

ఆమె పోషకాహార నిపుణురాలు మొదట ఏదీ మానమనలేదు. ఒక చిన్న పుస్తకంలో ఐదు విషయాలు రాయమంది: రాత్రి తిన్న టైము, ఏం తిన్నారు, అంతకు ముందు పావుగంటలో ఏం జరిగింది, చివరి భోజనం ఎప్పుడు, ఆకలి పదికి ఎంత. తిన్న తర్వాత కాదు, డబ్బా మూత తీసేముందు రాయాలన్నది షరతు. తిన్నాక రాస్తే అందులో పశ్చాత్తాపమే తప్ప సమాచారం ఉండదు.

ఆకలికి పదికి ఎంతో వేసుకోవడం చాలామందికి కష్టంగా ఉంటుంది. దానికి మన ఇళ్లకి సరిపోయే పరీక్ష ఒకటుంది: ఇప్పుడు పెరుగన్నం పెడితే తింటానా? కడుపులో నిజంగా ఆకలి ఉంటే పెరుగన్నమైనా, చల్లారిన ఇడ్లీ అయినా సరేననిపిస్తుంది. అలాంటి ఆకలి మెల్లగా పెరుగుతుంది, తింటే తగ్గుతుంది. మనసు కోరేది అలా కాదు. ఉన్నట్టుండి వస్తుంది, ఆ కారప్పూసే కావాలంటుంది, పెరుగన్నం పేరెత్తితే మొహం తిప్పుకుంటుంది. కడుపు నిండినా చేయి ఆగదు. ఈ పరీక్ష ప్రతిసారీ నూటికి నూరుపాళ్లు తేల్చి చెప్పదు. రెండూ కలిసి వచ్చే రాత్రులుంటాయి. అయినా వారం రోజులు రాస్తే వరస కనిపిస్తుంది.

ఆమె పుస్తకంలో మూడు రకాల రాత్రులు బయటపడ్డాయి. ఎక్కువ రాత్రులు అసలు సిసలు ఆకలివే. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి క్యారేజీ, నాలుగున్నరకి టీతో రెండు బిస్కెట్లు, రాత్రి తొమ్మిదిన్నరకి పుల్కాలు. మధ్యలో ఎనిమిది గంటలు చెప్పుకోదగ్గ తిండి లేదు, ఆ తర్వాత తిన్నదీ అరకొర. పెరుగన్నమైనా తింటానని ఆ రాత్రుల్లో ఆమే రాసుకుంది. రెండో రకం, పుట్టింట్లో అమ్మని ఎవరు చూసుకోవాలనే విషయమై అన్నయ్యతో ఫోన్లో మాటామాటా అనుకున్న రాత్రులు. మూడో రకం చూసి ఆమెకే నవ్వొచ్చింది. ఆకలీ లేదు, బాధా లేదు. మంచినీళ్ల సీసాలు నింపడానికి వెళ్తే బల్లమీద డబ్బా కనిపించింది, అంతే.

మొదటి రకానికి మందు పగలే ఉంది. సాయంత్రం ఐదున్నరకి బ్యాంకులోనే తినేందుకు ఒక కప్పు శనగల గుగ్గిళ్లు తీసుకెళ్లడం మొదలుపెట్టింది. రాత్రి భోజనం ఎనిమిదింబావుకి జరిపి, మానేసిన అన్నాన్ని కొద్దిగా మళ్లీ తెచ్చి, పప్పో గుడ్డో తప్పకుండా ఉండేలా చూసుకుంది. అన్నం తిరిగి తెచ్చుకోమంటే ఆమె మొదట భయపడింది. కానీ కడుపు మాడ్చుకునేవాళ్లు ఒకసారి గీత దాటితే ‘ఎలాగూ తినేశాను కదా’ అని మరింత తింటారన్నది 1975 నాటి ఒక ప్రయోగంలోనే కనబడింది. ముందు మిల్క్‌షేక్ తాగించి తర్వాత ఐస్‌క్రీమ్ పెడితే, మామూలువాళ్లు తగ్గించుకున్నారు. డైటింగ్‌లో ఉన్నవాళ్లు మాత్రం ఇంకా ఎక్కువ తిన్నారు. ఈ ఒక్క మార్పుతోనే ఆమె పుస్తకంలో సగానికి పైగా రాత్రులు ఖాళీ అయ్యాయి.

మూడో రకానికి ఇల్లు సర్దాలి. ఇక్కడే ఉమ్మడి కాపురాల్లో అసలు చిక్కు. డబ్బా బల్లమీద ఉండకూడదంటే అత్తగారు ఒప్పుకోలేదు. “పిల్లలున్న ఇల్లమ్మా, వచ్చినవాళ్ల ముందు ఏం పెడతాం?” అంది. ఆవిడ మాటా నిజమే. అందుకని డబ్బా తీసెయ్యలేదు, మార్చారు. ఏముందో బయటికి కనిపించే ప్లాస్టిక్ డబ్బా పోయి స్టీలు డబ్బా వచ్చింది. అది బల్లమీంచి స్టూలెక్కితే గానీ అందని పై అరకి చేరింది. బల్లమీద అరటిపళ్లు, జామకాయలు మిగిలాయి. నెల సరుకుల్లో కిలో మిక్చర్ బదులు పావుకిలో పొట్లం, అదైపోతేనే మరోటి. సంక్రాంతికి ఊరినుంచి టిన్నులకొద్దీ వచ్చే జంతికలు, అరిసెలకి ఏంచేయాలన్నది కొంచెం పెద్ద చర్చే. చివరికి వచ్చిన రోజే సగం పక్కింటికి, బ్యాంకుకి, పనమ్మాయి ఇంటికి పంచారు. “రాత్రి తింటే తిను, నీకెవరు అడ్డం? కానీ గిన్నెలో వేసుకుని కూర్చుని తిను” అని అత్తగారే ఒక రూలు పెట్టింది. ఏ నిపుణుడూ ఇంతకన్నా మంచి రూలు పెట్టలేడు. గిన్నెలో వేసుకుని డబ్బా మళ్లీ పైన పెట్టేస్తే, రెండోసారి దించడానికి కాస్త ఆలోచించాలి. ఫోన్ చూస్తూ డబ్బాలో చేయి పెట్టినవాడికి ఆ ఆలోచనకి చోటే ఉండదు.

ఒక మాట ఇక్కడ చెప్పాలి. తిండి కనబడే చోటు, పళ్లెం సైజు గురించి ప్రపంచమంతా చెప్పుకున్న సంగతులు చాలావరకు కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన బ్రయాన్ వాన్‌సింక్ పరిశోధనలే. లెక్కల్లో తప్పులు బయటపడి వాటిలో చాలా పత్రాలు రద్దయ్యాయి. 2018లో ఆయన తప్పుకోవాల్సి వచ్చింది. కాబట్టి నీలం పళ్లెంలో తింటే బరువు తగ్గుతారనే రకం చిట్కాలు నమ్మనక్కర్లేదు. అయితే పెద్ద పొట్లం, పెద్ద వడ్డన ముందుంటే మనుషులు ఎక్కువ తింటారన్నది వేర్వేరు బృందాలు చేసిన చాలా ప్రయోగాలను కలిపి చూసిన 2015 నాటి కాక్రేన్ సమీక్షలో నిలబడింది. పావుకిలో పొట్లానికి ఆ ఆధారం ఉంది.

ఇప్పుడు ఇంటి అర వంటగదిలోనే లేదు, ఫోన్లో కూడా ఉంది. అర్ధరాత్రి బిర్యానీ తెప్పించే యాప్‌లో కార్డు నంబరు దాచిపెట్టి ఉంటే డబ్బా బల్లమీద ఉన్నట్టే. కార్డు తీసేసి, నోటిఫికేషన్లు ఆపేస్తే ప్రతిసారీ పదహారు అంకెలు కొట్టాలి. ఆ విసుగే సగం ఆర్డర్లని ఆపుతుంది.

ఇక రెండో రకం, మనసు బాగోలేని రాత్రులు. వీటికి పై అర సరిపోదు. స్టూలు ఎక్కేంత కోపం ఉంటే ఎక్కుతాం. ఆమె చేసిన మొదటి పని, అన్నయ్యతో మాటలు రాత్రి నుంచి ఆదివారం పొద్దుటికి మార్చుకోవడం. రెండోది, కోరిక వచ్చినప్పుడు ‘వద్దు’ అనుకోకుండా ‘పది నిమిషాలాగి’ అనుకోవడం. తినాలనే తహతహ అలా అలా పెరిగి, ఒక స్థాయికి వచ్చి, దానంతటదే తగ్గుతుంది. అయితే ఆ పది నిమిషాలూ వంటగదిలో నిలబడితే లాభం లేదు. ఆమె డాబా మీదికి వెళ్లేది, లేదంటే చెల్లెలికి వాయిస్ మెసేజ్ పెట్టేది. కొన్ని రాత్రులు పది నిమిషాల తర్వాత కూడా తినేది. గిన్నెలో, కూర్చుని. దాన్ని ఓటమిగా రాయొద్దని నిపుణురాలు ముందే చెప్పింది. తిండి బాధని కాసేపు తగ్గిస్తుందన్న మాట అబద్ధం కాదు, కాబట్టి ఆ దారి పూర్తిగా మూసుకుపోదు. ఉన్న ఒకే ఒక్క దారి అది కాకుండా చూసుకోవాలి.

డబ్బాలు మార్చడంతో తీరని పరిస్థితులు కొన్నున్నాయి. వారానికి ఒకసారైనా, మూడు నెలలుగా, ఆపుకోలేక కడుపు పగిలేలా తిని సిగ్గుతో దాచుకుంటుంటే అది బింజ్ ఈటింగ్ అనే జబ్బు కావచ్చు. రోజు తిండిలో పావు వంతుకి పైగా రాత్రి భోజనం తర్వాతే తింటున్నా, తింటే తప్ప నిద్రపట్టక మధ్యరాత్రి మళ్లీ మళ్లీ లేస్తున్నా, దాన్ని నైట్ ఈటింగ్ సిండ్రోమ్ అంటారు. ఆల్బర్ట్ స్టంకార్డ్ అనే వైద్యుడు 1955లోనే దీన్ని వర్ణించాడు. నిద్రమాత్రలు వేసుకునేవాళ్లు కొందరు నిద్రలోనే లేచి తిని, తెల్లారాక ఏమీ గుర్తులేదంటారు. వీటన్నిటికీ చికిత్స ఉంది. మానసిక వైద్యుల దగ్గరికి ఎలా వెళ్లాలో తెలియకపోతే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.

చక్కెర జబ్బుకి ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్లు మరీ జాగ్రత్త. అర్ధరాత్రి చెమటలు పట్టి, చేతులు వణుకుతూ, గుండె దడతో విపరీతమైన ఆకలి వేస్తే అప్పుడు నిగ్రహం పరీక్షించుకోకండి. వెంటనే షుగర్ చూసుకోండి. 70 కంటే తక్కువ ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, పావుగంటకి మళ్లీ చూసుకోండి. మిషన్ దగ్గర లేకపోతే చూసేదాకా ఆగకుండా ముందు చక్కెర తీసుకోండి. మర్నాడు డాక్టరుకి చెప్పి మందు మోతాదు సరిచూయించుకోండి.