చుట్టాలంతా ఒకే పూట దిగాలంటే

అమలాపురంలో శుక్రవారం రాత్రి పెళ్లి అనుకుందాం. చుట్టాలు హైదరాబాద్, బెంగళూరు, ముంబయి నుంచి వస్తున్నారు. ఒక కుటుంబం డాలస్ నుంచి వస్తోంది. అందరూ రాజమండ్రి దగ్గర మధురపూడి విమానాశ్రయంలో దిగాలి. అక్కణ్ణుంచి విడిదికి రెండు గంటల పైమాటే. విమానానికో కారు పంపితే పెళ్లివారి మనుషులు సగం మంది రోడ్డు మీదే ఉంటారు. రెండు గంటల తేడాలో అందరూ దిగితే ఒక్క బస్సు సరిపోతుంది.

చాలామంది ముందు చవక టికెట్ చూస్తారు. ముందు చూడాల్సింది ఏ ఊరి నుంచి విమానాలు తక్కువ అన్నది. ముంబయి నుంచి వచ్చే విమానం ఆ రోజు ఒక్కటే ఉండి, గురువారం పన్నెండున్నరకు దిగుతుందనుకోండి. బస్సు లెక్క దాన్నిబట్టే కట్టాలి. బెంగళూరు వాళ్లు పదకొండుంబావు విమానం తీసుకుంటారు. ఎక్కువ విమానాలున్న హైదరాబాద్ వాళ్లు అందరికన్నా చివర టికెట్ కొనాలి, వాళ్లకు ఎటూ వీలుంటుంది. పెద్దవాళ్లను మాత్రం మొదట దిగే విమానంలో వేయకండి. బస్సు కోసం ఎక్కువసేపు కూర్చోవాల్సింది వాళ్లే అవుతుంది.

పన్నెండున్నరకు దిగినవాళ్లు సామాను తీసుకుని బయటికొచ్చేసరికి మరో అరగంట, ముప్పావుగంట పడుతుంది. కాబట్టి బస్సు ఒకటిన్నరకు. విమానం ఆలస్యమైతే రెండింటి దాకా ఆగుతుంది, ఆ తర్వాత వచ్చేవాళ్లకు కారు. ఈ మాట టికెట్లు కొనకముందే అందరికీ చెప్పాలి. లేకపోతే ఒక్క కుటుంబం కోసం బస్సెడు మంది ఆకలితో కూర్చుంటారు.

డాలస్ వాళ్లను ఈ లెక్కలో నేరుగా కలపకూడదు. హైదరాబాద్‌లో దిగితే ఇమిగ్రేషన్ అయ్యాక సామాను తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ చెక్-ఇన్ చేయాలి. రెండు టికెట్లు విడివిడిగా కొనుంటే ఇంకా ప్రమాదం. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే ఆ డబ్బు సాధారణంగా పోయినట్టే. వాళ్లు ఒక రోజు ముందే శంషాబాద్‌లో దిగి, రాత్రి నిద్రపోయి, గురువారం హైదరాబాద్ చుట్టాలతో కలిసి రావడమే మంచిది.

ఇక్కడే తేదీ తప్పుతుంది. "బుధవారం రాత్రి ఒంటిగంటన్నరకు దిగుతాం" అంటారు. టికెట్ మీద గురువారం 01:30 అని ఉంటుంది. అదే తెల్లవారి విమానం ఎక్కాలంటే వాళ్లకు నిద్రే ఉండదు. బుధవారం 01:30 అని ఉంటే కారు మంగళవారం రాత్రే విమానాశ్రయానికి వెళ్లాలి. మాట మీద నమ్మకండి, టికెట్ ఫొటో తెప్పించుకోండి.

ఒకే విమానంలో పదిమందికి పైగా వస్తుంటే విమాన సంస్థను గ్రూప్ బుకింగ్ అడగండి. అంతకన్నా తక్కువమంది అయితే, ఆరుగురికి ఒకేసారి వెతికినప్పుడు చవక సీట్లు నాలుగే మిగిలుంటే అందరికీ పై ధరే చూపిస్తుంది. విడగొట్టి కొంటే కొంత మిగులుతుంది. కానీ విమానం రద్దయితే వాళ్లను వేరువేరు విమానాల్లో సర్దే అవకాశం ఉంది. పిల్లలున్న కుటుంబాన్ని మాత్రం విడగొట్టకండి.