యాడ్స్‌లో ఆర్డర్లు సడెన్‌గా పడిపోయాయా? ముందు గొలుసులో ఏ లింకు తెగిందో చూడండి

ఇవాళ్టి ఎపిసోడ్ గూగుల్ యాడ్స్ నడిపేవాళ్ళ కోసం. మొన్నటిదాకా రోజుకు ఇరవై కన్వర్షన్లు వచ్చేవి, ఇప్పుడు ఆరు వస్తున్నాయి. ఇలా జరిగినప్పుడు చాలామంది వెంటనే ఏం చేస్తారంటే, బడ్జెట్ పెంచుతారు, లేదంటే బిడ్డింగ్ మార్చేస్తారు, లేదా క్యాంపెయిన్ ఆపేసి కొత్తది పెడతారు. దయచేసి ఈ మూడూ చేయకండి. పది నిమిషాలు కూర్చుని లెక్క చూస్తే, అసలు సమస్య ఎక్కడుందో గూగుల్ యాడ్సే చెప్పేస్తుంది.

ఒక ఉదాహరణ పెట్టుకుందాం. ఆన్‌లైన్‌లో స్వీట్లు, పచ్చళ్ళు అమ్మే ఒక షాపు ఉందనుకోండి. రోజుకు 4,000 రూపాయల బడ్జెట్. యాడ్ 8,000 సార్లు కనబడుతుంది, అంటే 8,000 ఇంప్రెషన్లు. అందులో 400 క్లిక్కులు, ఒక్కో క్లిక్కు సుమారు 10 రూపాయలు. ఆ క్లిక్కుల్లోంచి 20 ఆర్డర్లు. అంటే ఒక్కో ఆర్డర్‌కి 200 రూపాయల ఖర్చు అన్నమాట.

ఇది ఒక గొలుసు. ముందు ఇంప్రెషన్, తర్వాత క్లిక్, ఆ తర్వాత కన్వర్షన్. చివరి అంకె పడిపోయిందంటే ఈ గొలుసులో ఎక్కడో ఒక లింకు తెగినట్టే. ఇంప్రెషన్లు, క్లిక్కులు మామూలుగానే ఉండి కన్వర్షన్లు మాత్రమే పడితే, సమస్య మీ వెబ్‌సైట్‌లోనో, ట్రాకింగ్‌లోనో ఉంది. ఇంప్రెషన్లే పడిపోతే బడ్జెట్, యాడ్ రిజెక్ట్ అవ్వడం, సీజన్, వేలం, చాలావరకు ఈ నాలుగింట్లో ఏదో ఒకటి. ఈ ఒక్క ప్రశ్నతోనే సగం పని అయిపోతుంది.

మొదలుపెట్టే ముందు ఒక చిన్న జాగ్రత్త. గూగుల్ యాడ్స్ `Conversions` కాలమ్‌లో ఆర్డర్‌ని, ఆర్డర్ పెట్టిన రోజు కింద కాకుండా యాడ్ మీద క్లిక్ చేసిన రోజు కింద వేస్తుంది. ఒకావిడ సోమవారం క్లిక్ చేసి, ఇంట్లోవాళ్ళని అడిగి, గురువారం ఆర్డర్ పెట్టారనుకోండి, అది సోమవారం లెక్కలోకి వెళ్తుంది. అందుకే చివరి రెండు మూడు రోజులు ఎప్పుడు చూసినా కాస్త తక్కువగానే కనబడతాయి. అది పడిపోవడం కాదు, ఇంకా నిండకపోవడం. అనుమానం ఉంటే `Conversions (by conv. time)` అనే కాలమ్ కలుపుకోండి, అందులో ఆర్డర్ వచ్చిన రోజు ప్రకారమే లెక్క కనబడుతుంది.

సరే, ఇప్పుడు మన షాపు దగ్గరికి వద్దాం. బుధవారం నుంచి 7,900 ఇంప్రెషన్లు, 390 క్లిక్కులు, కన్వర్షన్లు 6. మొదటి రెండు అంకెలు దాదాపు కదల్లేదు. అంటే యాడ్ బాగానే నడుస్తోంది, జనం వస్తున్నారు. మరి కొనడం మానేశారా, లేక కొన్నా మనకి లెక్క రావట్లేదా?

దీనికి జవాబు గూగుల్ యాడ్స్‌లో ఉండదు. షాపు అడ్మిన్ పేజీలో ఉంటుంది. అక్కడ మొత్తం ఆర్డర్లు చూడండి. ఇంతకుముందు అన్ని దారుల్లో కలిపి రోజుకు 30 ఆర్డర్లు వచ్చేవి, అందులో యాడ్స్ లెక్కలో 20 కనబడేవి. ఇప్పుడు అడ్మిన్‌లో 29 ఉన్నాయి, యాడ్స్ లెక్కలో మాత్రం 6. డబ్బు వస్తోంది, కొరియర్ వెళ్తోంది, లెక్క మాత్రం పోయింది. ఇది ట్రాకింగ్ సమస్యే. అదే అడ్మిన్‌లో కూడా 16కి పడిపోయి ఉంటే, అప్పుడు వెబ్‌సైట్‌లో కొనడానికే ఏదో అడ్డం వస్తోందని అర్థం. పేమెంట్ ఫెయిలవ్వడం, డెలివరీ ఛార్జీ పెరగడం, స్టాక్ లేకపోవడం లాంటివన్నమాట.

ఇక్కడ ఇంకో క్లూ ఉంది, గమనించండి. కన్వర్షన్లు సున్నా అవ్వలేదు, ఆరు వస్తున్నాయి. ట్యాగ్ మొత్తం ఊడిపోతే సున్నా రావాలి. కొన్ని వస్తున్నాయంటే ఒక రకం కస్టమర్ల లెక్క మాత్రమే పోతోంది. ఎవరివి పోతున్నాయో తెలియాలంటే మీరే ఫోన్‌లో రెండు టెస్ట్ ఆర్డర్లు పెట్టండి, ఒకటి కార్డుతో, ఒకటి యూపీఐతో. మన షాపులో బుధవారమే పేమెంట్ పేజీ మార్చారు. కార్డుతో కడితే చివర్లో థాంక్యూ పేజీ వస్తోంది. యూపీఐతో కడితే పేమెంట్ యాప్ ఓపెన్ అవుతుంది, డబ్బు కట్ అవుతుంది, కస్టమర్ అక్కడితో ఫోన్ పక్కన పెట్టేస్తారు. బ్రౌజర్‌కి తిరిగి రారు. కన్వర్షన్ ట్యాగ్ ఉన్నది థాంక్యూ పేజీలో. ఆ పేజీ తెరుచుకోకపోతే ట్యాగ్ పనిచేయదు కదా! పాత పేజీ ఆటోమేటిక్‌గా వెనక్కి తెచ్చేది, కొత్తది తేవట్లేదు. 14 ఆర్డర్లు అలా మాయమయ్యాయి.

దీనికి గట్టి పరిష్కారం ఏంటంటే, కస్టమర్ పేజీ చూశాడా లేదా అన్నదాని మీద ఆధారపడకుండా, పేమెంట్ వచ్చిందని గేట్‌వే మీ సర్వర్‌కి చెప్పినప్పుడు అక్కడి నుంచే కన్వర్షన్ పంపడం. యాడ్ మీద క్లిక్ చేసి వచ్చినప్పుడు లింకు చివర `gclid` అని ఒక కోడ్ ఉంటుంది. దాన్ని ఆర్డర్‌తో పాటు సేవ్ చేసుకుంటే, ఏ ఆర్డర్ ఏ క్లిక్కుదో తర్వాతైనా గూగుల్‌కి చెప్పొచ్చు. వెబ్‌సైట్‌లో ఏదైనా రీడైరెక్ట్ ఆ కోడ్‌ని మధ్యలో తీసేస్తోందేమో కూడా చూడండి, అదీ తరచుగా జరిగేదే.

ట్రాకింగ్ ఎందుకు మొదట చూడాలంటే, అది పాడైతే మిగతావి కూడా పాడవుతాయి. మీరు టార్గెట్ సీపీఏ లాంటి ఆటోమేటిక్ బిడ్డింగ్ పెట్టారనుకోండి. టార్గెట్ 200 రూపాయలు. గూగుల్‌కి కనబడేది 3,900 ఖర్చుకి 6 ఆర్డర్లు, అంటే ఒక్కోటి 650. దాంతో అది "ఈ క్లిక్కులు దండగ" అనుకుని బిడ్లు తగ్గించడం మొదలుపెడుతుంది. కొద్ది రోజుల్లో ఇంప్రెషన్లు కూడా పడతాయి. అప్పుడు కొత్తగా చూసినవాళ్ళకి ఇది పోటీ సమస్యలా కనబడుతుంది. అందుకే రోజువారీ గ్రాఫ్‌లో ఏది ముందు పడిందో చూడాలి. కన్వర్షన్లు ముందు పడి, తర్వాత ఇంప్రెషన్లు పడితే, మూలం ట్రాకింగ్‌లో ఉండొచ్చు. ట్యాగ్ సరిచేశాక `Data exclusions`లో ఆ చెడిన తేదీలు ఇవ్వండి, బిడ్డింగ్ ఆ రోజుల లెక్క పట్టించుకోదు. తేదీలు క్లిక్ రోజుల ప్రకారం ఇవ్వాలి. బుధవారం పాడైతే, సోమవారం క్లిక్ చేసి బుధవారం కొన్నవాళ్ళ లెక్కా పోయినట్టే కాబట్టి, ఒకట్రెండు రోజులు ముందు నుంచి ఇవ్వడం మంచిది.

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. ట్రాకింగ్ బాగానే ఉంది, కానీ ఇంప్రెషన్లే 8,000 నుంచి 4,800కి పడ్డాయి. ఇక్కడ `Search impr. share` అనే ఒక్క కాలమ్ కేసు తేల్చేస్తుంది. మీ యాడ్ కనబడే అవకాశం ఉన్న సెర్చ్‌లలో ఎన్నింట్లో నిజంగా కనబడిందో చెప్పే శాతం అది. ఇంతకుముందు 10,000 అవకాశాల్లో 8,000, అంటే 80 శాతం.

ఇప్పుడు కూడా 80 శాతమే ఉందనుకోండి. అంటే అవకాశాలే 6,000కి తగ్గాయి, అందులో 4,800 మీవే. మీ వాటా ఎవరూ లాక్కోలేదు, వెతికేవాళ్ళే తగ్గారు. అది సీజన్. పక్కాగా తెలియాలంటే పోయినేడాదితో పోల్చండి, కానీ తేదీతో కాదు, పండగతో పోల్చండి. దీపావళి 2024లో అక్టోబర్ 31న వచ్చింది, 2025లో అక్టోబర్ 20న వచ్చింది. స్వీట్ల షాపు 2025 అక్టోబర్ 25ని 2024 అక్టోబర్ 25తో పోలిస్తే, పండగ అయిపోయిన రోజుని పండగ ముందు రోజుతో పోల్చినట్టు. సగానికి సగం పడినట్టు కనబడుతుంది, అందులో తప్పేమీ ఉండదు. మన పండగల్లో చాలావరకు తిథిని బట్టి కదులుతాయి, క్యాలెండర్‌ని బట్టి కాదు.

అదే వాటా 48 శాతానికి పడితే, అవకాశాలు 10,000 అలాగే ఉన్నాయి, మీరే కనబడట్లేదు. పక్కన రెండు కాలమ్స్ ఉంటాయి. `Search lost IS (budget)` పెరిగితే డబ్బు సరిపోవట్లేదు. `Search lost IS (rank)` పెరిగితే వేలంలో వెనకబడుతున్నారు.

బడ్జెట్ దగ్గర ఒక మెలిక ఉంది. మీరు బడ్జెట్ తగ్గించకపోయినా అది చాలకపోవచ్చు. పండగ ముందు పోటీ పెరిగి క్లిక్ ధర 10 నుంచి 16 అయిందనుకోండి, అదే 4,000కి 400 బదులు 250 క్లిక్కులే వస్తాయి. పేరుకి బడ్జెట్ సమస్య, అసలు కారణం వేలం. అందుకే క్లిక్ సగటు ధర కూడా చూడాలి. అలాగే ముందే డబ్బు వేసుకునే అకౌంట్ అయితే బ్యాలెన్స్ అయిపోయిందేమో చూడండి, అప్పుడు యాడ్స్ మొత్తం ఆగిపోతాయి.

ర్యాంక్ వైపు పోయిందంటే `Auction insights` తెరవండి. పడక ముందు రెండు వారాలు, పడ్డాక రెండు వారాలు పక్కపక్కన పెట్టి చూడండి. కొత్త పేరు వచ్చిందా, పాతవాళ్ళ వాటా బాగా పెరిగిందా? అలాంటిదేమీ లేకపోతే మార్పు మీ వైపే ఉంది. `Change history`లో టార్గెట్ ఎవరైనా తగ్గించారేమో చూడండి.

చివరిగా యాడ్ రిజెక్ట్ అవ్వడం. క్యాంపెయిన్ పచ్చగానే కనబడుతుంది, లోపల మీకు ఎక్కువ ఆర్డర్లు తెచ్చే యాడ్ ఒక్కటే ఆగిపోయి ఉంటుంది. అందుకే క్యాంపెయిన్ స్టేటస్ చూసి వదిలేయకుండా, యాడ్స్ పేజీలో ఒక్కో యాడ్ స్టేటస్ చూడండి. `Destination not working` అని ఉంటే గూగుల్ చెక్ చేసినప్పుడు మీ పేజీ తెరుచుకోలేదని అర్థం. ఆ కొత్త వెబ్‌సైట్ మార్పుల్లో పేజీ లింకు మారిపోయిందేమో చూసుకోండి. ముందు పేజీ సరిచేసి, ఆ తర్వాతే అప్పీల్ పెట్టండి. ఎక్కువ యాడ్స్ రివ్యూ ఒక పని దినంలో అయిపోతుంది.

కాబట్టి ఈసారి కన్వర్షన్లు పడితే వరస గుర్తుంచుకోండి. క్లిక్కులు ఉన్నాయా, ఉంటే అడ్మిన్‌లో ఆర్డర్లు ఉన్నాయా. క్లిక్కులు లేకపోతే యాడ్ ఆగిందా, ఇంప్రెషన్ వాటా పడిందా, పడితే ఏ వైపు. జవాబు దొరికేదాకా బడ్జెట్ మీద చేయి వేయొద్దు. మీ అకౌంట్‌లో ఏ లింకు తెగిందో, పడక ముందూ తర్వాతా అంకెలతో కామెంట్‌లో రాయండి, వచ్చే ఎపిసోడ్‌లో కొన్ని తీసుకుని కలిసి లెక్క చూద్దాం. ఉంటాను మరి, బై.