ఎన్ని పేజీలు అనొద్దు, ఎక్కడ ఆగావని అడగండి

షోలాపూర్ తూర్పు పేటల్లో లెక్క తెలియని తల్లి ఉండదు. బీడీకి కూలి వెయ్యికింత అని కడతారు. ఇరవై అయిదు బీడీలకు ఒక కట్ట. చుట్టినవన్నీ లెక్కలోకి రావు, సరిగా లేనివి పక్కన తీసేస్తారు. కార్ఖానాలో మగ్గం మీదుండే తండ్రికీ ఈ సంగతి తెలుసు. ముతక నూలుతో ఒక మీటరు నేయడమూ, సన్న నూలుతో ఒక మీటరు నేయడమూ ఒక్కటి కావు. మీటర్లు మాత్రమే చూసి పనితనం చెప్పమంటే నవ్వుతాడు.

అదే తల్లిదండ్రులకు బడి నుంచి "మీ అమ్మాయి ఈ నెల 193 పేజీలు చదివింది" అని కబురొస్తే? సంతోషించాలో బెంగపడాలో తెలియదు. ఎలాంటి పేజీలో అందులో లేదు, నిజంగా చదివిందో లేదో అంతకన్నా లేదు.

పిల్లలతో రోజూ చదివించి పేజీలు రాయించుకునే పద్ధతి ఇప్పుడు చాలా బడుల్లో ఉంది. 2022 జనవరి 1న కేంద్ర విద్యాశాఖ బాలవాటిక నుంచి ఎనిమిదో తరగతి దాకా 14 వారాల పాటు వంద రోజుల పఠన కార్యక్రమం పెట్టింది. మాతృభాషలో, స్థానిక భాషలో పుస్తకాలు చదివించాలని అందులో ఉంది. అదే ఏడాది ఫిబ్రవరిలో తెలంగాణ కూడా తన బడుల్లో వంద రోజుల కార్యక్రమం మొదలుపెట్టింది. ఇలాంటివి నడిచిన చోటల్లా ఒక రిజిస్టరు పుడుతుంది. ఆ రిజిస్టరులో ఏం రాయాలన్న దగ్గరే తేడా వస్తుంది.

మామూలుగా పిల్లల్ని "నిన్న ఎన్ని పేజీలు చదివావు?" అని అడుగుతాం. ఈ ప్రశ్నకు పది అనే జవాబు చాలా తేలిక. పక్కవాడు పది అన్నాడు, నేనూ పది. వారం తిరిగేసరికి రిజిస్టరు నిండా పదులూ అయిదులూ కనిపిస్తాయి. ఒకే పెన్నుతో, ఒకే వరసలో, శనివారం కూర్చుని నింపిన వారం కూడా చూడగానే తెలిసిపోతుంది. ఇందులో పిల్లల తప్పు లేదు. ఎక్కువ చెబితే మెచ్చుకునే ప్రశ్న వేశాం కాబట్టి వాళ్లు ఎక్కువ చెప్పారు.

"ఎక్కడ ఆగావు?" అని అడిగి చూడండి. బిడ్డ పుస్తకం తీసి, గుర్తు పెట్టిన కాగితం ఉన్న చోటు చూసి, ఆ పేజీ నంబరు చెబుతుంది. రాసేది ఆ ఒక్క నంబరే. ఇవాళ్టి నంబరులోంచి నిన్నటి నంబరు తీసేస్తే చదివిన పేజీలు వస్తాయి. కూడికలో జరిగే పొరపాటు కూడా దీంతో పోతుంది. 12 నుంచి 18 దాకా చదివితే ఏడు పేజీలు. పిల్లలు ఆరంటారు, మనమూ చాలాసార్లు ఆరే రాస్తాం. ఆగిన పేజీ మాత్రమే రాస్తే ఆ తికమక ఉండదు. రిజిస్టరు కంప్యూటరులో పెట్టుకునేవాళ్లు తేదీ, రోల్ నంబరు, పుస్తకం పేరు, ఆగిన పేజీ వరసగా పెట్టి, ఒకే పిల్ల వరసలు కిందికి కిందికి ఉంటే, ఐదో గడిలో `=IF(D3="","",D3-LOOKUP(9^9,D$2:D2))` అని రాస్తే చాలు. కొత్త పుస్తకం మొదలైన రోజు తీసివేత వద్దు, ఆగిన నంబరే ఆ రోజు లెక్క.

నలభై మంది ఉన్న తరగతిలో మనిషికి ఐదు సెకన్లు వేసుకున్నా మూడున్నర నిమిషాల లోపే అయిపోతుంది, హాజరు పిలిచేటప్పుడే అడగొచ్చు. రోజుకు ఇద్దరు ముగ్గురిని మాత్రం ముందు చెప్పకుండా "ఆ పేజీలో ఏం జరుగుతోంది?" అని అడగాలి. ఆ జవాబుకు మార్కులు వద్దు. "నక్క బావిలో పడింది టీచర్, మేక ఇంకా రాలేదు" అన్నదంటే చదివినట్టే. అడుగుతారని తెలిస్తే మిగతావాళ్లూ పేజీలు తిప్పి ఊరుకోరు.

రిజిస్టరులో ఇంకొక్క జాగ్రత్త ఉంది. చదవలేదని చెబితే నిన్నటి నంబరే మళ్లీ రాయండి, లెక్క సున్నా వస్తుంది. బిడ్డ బడికి రాకపోతే గడి ఖాళీగా వదిలేయండి. ఈ రెండూ ఒకటి కావు. జ్వరంతో మూడు రోజులు ఇంట్లో ఉన్న పిల్లకు మూడు సున్నాలు వేస్తే, నెలాఖరున ఆమెకు చదివే అలవాటు లేదని లెక్క చెబుతుంది. అది నిజం కాదు.

ఐదో తరగతి పిల్ల ఒకామె నెల లెక్క ఎలా ఉండొచ్చో ఊహించి చూద్దాం. ఈ అంకెలు ఉదాహరణకే. బడి నడిచిన రోజులు 24. మొదటి వారం రోజుకొకటి చొప్పున 16 పేజీల బొమ్మల పుస్తకాలు ఐదు, రెండో వారం నాలుగు చదివింది. అంటే 144 పేజీలు. మూడో వారం 72 పేజీల కథల పుస్తకం పట్టుకుంది. సోమవారం నుంచి ఆగిన పేజీలు ఇలా ఉన్నాయి: 4, 9, 9, 13, 18, 22. నాలుగో వారం: 27, 31, 31, 37, 43, 49. ఈ రెండు వారాలకూ కలిపి 49 పేజీలు. నెలకు మొత్తం 193.

మొదటి రెండు వారాల్లో 144, తర్వాతి రెండు వారాల్లో 49. పేజీల లెక్క మాత్రమే చూస్తే పిల్ల చదువు మూడో వంతుకు పడిపోయింది. ఇప్పుడు రెండు పుస్తకాల్లోనూ ఒక్కో మామూలు పేజీ తెరిచి మాటలు లెక్కపెట్టండి. బొమ్మల పుస్తకంలో పేజీకి ఇరవై మాటలనుకుందాం, కథల పుస్తకంలో నూట ముప్పై. మొదటి రెండు వారాల్లో చదివినవి 2,880 మాటలు, తర్వాతి రెండు వారాల్లో 6,370. చదువు రెట్టింపు దాటింది. పేజీల మీద బహుమతి పెట్టిన బడిలో ఈ పిల్లే తెలివిగా మళ్లీ బొమ్మల పుస్తకాలకు వెళ్లిపోతుంది, అది గమనించేవాళ్లూ ఉండరు. అందుకే ప్రతి పుస్తకం అట్ట లోపల పేజీకి దాదాపు ఎన్ని మాటలో పెన్సిలుతో ఒక్కసారి రాసి పెట్టుకుంటే మంచిది. ఆ పని పుస్తకానికి ఒక్కసారే చేయాలి.

అదే లెక్కలో ఇంకోటి కనిపిస్తుంది. మూడో వారం, నాలుగో వారం రెండింటిలోనూ బుధవారం పొద్దున పేజీ కదలలేదు. రెండో వారం బుధవారమూ సున్నాయే అనుకోండి. అంటే మంగళవారం రాత్రి ఇంట్లో ఏదో ఉంది. నాయన షిఫ్టు మారుతుందేమో, చిన్న తమ్ముణ్ణి చూసుకోవలసి వస్తుందేమో, లేక బీడీలు అప్పగించే ముందు రోజు అవ్వ పక్కన కూర్చుని కట్టలు కడుతోందేమో. ఈ మూడోది మన వాడల్లో ఎవరూ పైకి చెప్పరు గానీ అందరికీ తెలిసిందే. మొత్తం 193 అన్న అంకెలో ఆ మంగళవారం ఎక్కడా కనబడదు. రిజిస్టరు పని అంతా ఆ ఒక్క రాత్రిని చూపించడమే అనిపిస్తుంది నాకు.

ఇక నెలాఖరు కబురు. కాగితం మీద పట్టిక పంపితే మన పేటల్లో చాలా ఇళ్లలో చదివేవాళ్లు దొరకరు. మరాఠీ బడిలో చదివిన తండ్రి తెలుగు మాట్లాడతాడు గానీ లిపి చదవలేడు. ఫోను ఆయన జేబులో కార్ఖానాకు వెళుతుంది, రాత్రికి గానీ ఇంటికి రాదు. కాబట్టి వాట్సాప్‌లో అర నిమిషం గొంతు సందేశం, సాయంత్రం దాటాక పంపడం మేలు. పైన చెప్పిన పిల్ల ఇంటికైతే ఇలా ఉండొచ్చు:

"అవ్వా, నమస్తే. మీ అమ్మాయిని ఈ నెల ఇరవై రెండు రోజులు అడిగినం, పందొమ్మిది రోజులు చదివింది. బొమ్మల పుస్తకాలు తొమ్మిది అయిపోయినయి. ఇప్పుడు పెద్ద కథల పుస్తకం పట్టింది, నలభై తొమ్మిదో పేజీల ఉంది. పేజీలు తగ్గినయని కోపం చేయకండి, పుస్తకం పెద్దది. మంగళవారం రాత్రి మాత్రం చదువుత లేదు. ఆనాడు ఇంట్ల ఏం పని ఉంటదో కొంచెం చెప్పండి. ఈ రాత్రి నలభై తొమ్మిదో పేజీ మీకు చదివి వినిపించమనండి."

ఇందులో ర్యాంకు లేదు, పక్కింటి పిల్ల మాట లేదు. ఇరవై నాలుగు రోజుల్లో రెండు రోజులు ఆమె బడికి రాలేదు, ఆ రెండూ లెక్కలోంచి తీసేశాం. చివరి మాట ముఖ్యం. లిపి రాని అవ్వ కూడా వినగలదు. ఎక్కడ తడబడిందో, ఏ ఒత్తు దగ్గర ఆగిందో చెవికి తెలిసిపోతుంది.

మన బడుల్లో తెలుగు, మరాఠీ రెండూ ఉంటాయి కాబట్టి ఏ భాష పుస్తకమో పక్కన ఒక అక్షరం రాయండి: తె, మ. కలిపేస్తే మరాఠీలో పరుగెత్తి తెలుగులో కుంటుతున్న పిల్ల కనిపించదు. ఇళ్లలో తెలుగు మాట్లాడుతూ బయట దేవనాగరి మాత్రమే చూసే పిల్లలకు ఈ తేడా త్వరగా వస్తుంది. తెలుగు పుస్తకాలు చాలకపోతే, 2015లో ప్రథమ్ బుక్స్ మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో స్థాయిల వారీగా తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి, అచ్చు వేసుకోవచ్చు. మొదటి స్థాయి పుస్తకంలో పేజీకి ఒకటి రెండు వాక్యాలే కాబట్టి మాటల లెక్క అక్కడ మరీ అవసరం.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. అమెరికాలో సారా పాక్, ఆలిసన్ వెస్లీ అనే ఇద్దరు రెండు, మూడు తరగతుల పిల్లల మీద చేసిన పరిశీలన 2012లో అచ్చయింది. చదివింది తప్పనిసరిగా రాయాలన్న పిల్లల్లో చదువు మీద ఇష్టం తగ్గింది. ఇష్టమైతే రాయమన్న పిల్లల్లో తగ్గలేదు. అక్కడి పిల్లలు వేరు, ఇళ్లు వేరు. అయినా తల్లిదండ్రుల సంతకం కోసం రోజూ వెంటపడే రిజిస్టరు మన దగ్గర వేరేలా పనిచేస్తుందని అనుకోవడానికి నాకైతే కారణం కనిపించదు. పొద్దున తరగతిలో నోటితో ఒక్క నంబరు చెప్పించుకోవడంలో ఇంటి మీద బరువు పడదు. సున్నా చెప్పిన పిల్లను ఏమీ అనకుండా తర్వాతి పేరు పిలవగలిగితేనే ఆ సున్నాలు నిజమైనవి వస్తాయి.

ఆగిన పేజీ లెక్క చదవడం వచ్చిందో లేదో చెప్పదు, చదువుతోందో లేదో మాత్రమే చెబుతుంది. మొదటిది తెలియాలంటే మూడు నెలలకోసారి పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, ఎప్పుడూ చూడని పేరా ఒకటి పైకి చదివించాలి. అసర్ సర్వేల్లో వాడే అక్షరం, మాట, పేరా, కథ మెట్లే సరిపోతాయి. ఒక్కొక్కరికీ కొద్ది నిమిషాలు చాలు. పేరా మెట్టు మీదున్న పిల్ల చేతిలో వంద పేజీల పుస్తకం ఉండి, రోజూ పది పేజీలు కదులుతుంటే, ఆ పుస్తకంలో బొమ్మలెన్ని ఉన్నాయో ఒకసారి చూడండి.