రెండు మైకులు, ఒక కెమెరా, అయిదు ప్రశ్నలు

గుంటూరులో ఒక విశ్రాంత వ్యవసాయాధికారి వారానికో మిర్చి రైతును ఇంటికి పిలిచి, వీడియో పాడ్‌కాస్ట్ చేయాలనుకున్నారనుకుందాం. ముందు గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడవారగా పుస్తకాల బీరువా ఉన్నాయి. చేతిలో మంచి ఫోన్ కూడా ఉంది. ఇలాంటప్పుడు మనసు కొత్త కెమెరా వైపే లాగుతుంది. కానీ బొమ్మ కాస్త అటూఇటూగా ఉన్నా సర్దుకుపోయే జనం, మాట తెలియకపోతే రెండు నిమిషాలు కూడా ఆగరు. డబ్బు మొదట మైకుల మీదే పెట్టాలి.

కండెన్సర్ మైకు సున్నితమైనది. స్టూడియోలో అది వరమే గానీ, ముందు గదిలో ఫ్యాను రొద, వీధిలో ఆటో హారన్ కూడా పట్టేస్తుంది. ఇంటికి డైనమిక్ మైకు నయం. నోటికి దగ్గరగా ఉంటేనే అది బాగా పలుకుతుంది కాబట్టి దూరపు చప్పుళ్లు వెనకబడతాయి. 1966లో వచ్చి, నేటికీ పాటల వేదికల మీద కనిపించే షూర్ ఎస్ఎం58 ఈ రకానిదే. రెండు మైకుల వైర్లూ ఆడియో ఇంటర్‌ఫేస్ అనే చిన్న పెట్టెలోకి, అక్కడి నుంచి ల్యాప్‌టాప్‌లోకి వెళ్తాయి. ఒక్కో మైకు ఒక్కో ట్రాక్‌లో విడిగా రికార్డయ్యేలా ముందే చూసుకోవాలి. రెండూ కలిసిపోయి రికార్డయితే, రైతు దగ్గును తీసేయబోతే అధికారి ప్రశ్న కూడా దెబ్బతింటుంది.

అసలు చిక్కు మైకులు రెండు కావడంలోనే ఉంది. రైతు మాట ఆయన మైకులోకే కాదు, మీటరు దూరంలోని అధికారి మైకులోకీ వెళ్తుంది, అయితే సుమారు 3 మిల్లీసెకన్లు ఆలస్యంగా. ఆ రెంటినీ కలిపి వింటే కొన్ని స్వరాలు ఒకదాన్నొకటి చంపుకుని, గొంతు డబ్బాలోంచి వస్తున్నట్టు ఉంటుంది. చాలామంది దీన్ని మైకు లోపమనుకుని ఇంకా ఖరీదైనది కొంటారు. మార్చాల్సింది దూరం. నోటికీ సొంత మైకుకూ 15 సెంటీమీటర్లుంటే, ఎదుటివారి మైకు కనీసం 45 సెంటీమీటర్ల అవతల ఉండాలి. ఇంకా ఎడం ఉంటే మరీ మంచిది. పరీక్ష తేలిక: రైతు మాట్లాడుతుండగా ఆయన ట్రాక్ ఆపేసి, హెడ్‌ఫోన్‌లో అధికారి ట్రాక్ ఒక్కటే వినాలి. రైతు గొంతు అందులో ఎక్కడో దూరంగా వినబడితే సరిపోయినట్టే. దగ్గరగా వినబడితే కుర్చీలు జరపాలి, లేదా మైకును నోటి దగ్గరకు తేవాలి.

కెమెరా పని దీనికంటే సులువు. ఫోన్‌ను ట్రైపాడ్ మీద కంటి ఎత్తున బిగించి, ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ చేయాలి. లేకపోతే తెల్ల చొక్కా రైతు ముందుకు వంగినప్పుడల్లా గదంతా చీకటిపడి మళ్లీ వెలుగుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కాబట్టి షటర్ 1/50 దగ్గర ఉంచితే ట్యూబులైటు వల్ల తెర మీద పాకే చారలు రావు.

కదలని కెమెరా విసుగు పుట్టించదా? పుట్టిస్తుంది. అందుకే 4కేలో తీసి, వీడియోను 1080 సైజులో విడుదల చేస్తారు. 4కే ఫ్రేములో 1080 ఫ్రేములు నాలుగు పడతాయి. కాబట్టి ఎడిటింగ్‌లో ఒకసారి ఇద్దరినీ, ఒకసారి రైతును, ఒకసారి అధికారిని చూపినా బొమ్మ చెదరదు. ఒక్క ఫోన్ మూడు కెమెరాల పని చేస్తుంది. బదులుగా చాలా స్థలం తినేస్తుంది, వేడెక్కుతుంది కూడా.

బొమ్మ ఫోన్‌లో, మాట ల్యాప్‌టాప్‌లో ఉంటాయి కాబట్టి రెంటినీ కలపడానికి మొదట్లో కెమెరా ముందు ఒక చప్పట్లు కొట్టాలి. చివర్లో ఇంకోసారి కొట్టడం చాలామంది మరిచిపోతారు. రెండు యంత్రాల గడియారాలు ఒకే వేగంతో నడవవు. గంట గడిచేసరికి పెదవులు ముందు, మాట వెనక అయిపోవచ్చు. చివరి చప్పట్లు కలవకపోతే తేడా ఎంతో అక్కడే తెలుస్తుంది. ఆడియోను ఆ మేరకు సాగదీయాలి, లేదా కుదించాలి.

ఇక కార్యక్రమం అచ్చు. బీబీసీ రేడియోలో 1942లో మొదలైన ‘డెజర్ట్ ఐలండ్ డిస్క్స్’ ఇప్పటికీ ఒకే చట్రంలో నడుస్తోంది: అతిథి ఎనిమిది పాటలు, ఒక పుస్తకం, ఒక విలాస వస్తువు ఎంచుకోవాలి. మారేది అతిథే. మన అధికారికీ అయిదు ప్రశ్నలు చాలు: ఎన్ని ఎకరాలు, ఏ విత్తనం, ఎకరాకు ఖర్చెంత, తామర పురుగును ఎలా తట్టుకున్నారు, యార్డులో ఏ ధర పలికింది. ప్రశ్నలు మారవు కాబట్టి పది మంది రైతుల ఖర్చులు పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. అది చూసేవాళ్లకు దక్కే అదనపు లాభం. ఎడిటింగ్ చేసే కుర్రాడికి మరో సుఖం: టైటిల్, సంగీతం, ప్రశ్న పట్టీలు పెట్టిన పాత ప్రాజెక్టును కాపీ చేసి, కొత్త ఫైళ్లు వేసుకుంటే సగం పని అయిపోతుంది. కుర్చీ కాళ్ల చోట నేల మీద టేపు ముక్కలు అంటిస్తే ఫ్రేములు కూడా పాత కొలతలకే సరిపోతాయి.

ఈ అమరికకు ఒక హద్దుంది. రైతు తన తమ్ముణ్ణి వెంట తెచ్చి పక్కన కూర్చోబెట్టుకుంటే ఒకే మైకు ఇద్దరి మధ్య ఊగులాడుతుంది, ఇద్దరి గొంతులూ దూరమవుతాయి. తమ్ముడితో మాట్లాడాలంటే వచ్చే వారం పిలవడమే మేలు.